ఎస్‌ఓడబ్ల్యూలోంచి కిక్‌ఆఫ్ చెక్‌లిస్ట్ తయారుచేసేది ఎలా?

ప్రశ్న: నేను మొదటిసారి ప్రాజెక్ట్ మేనేజర్‌గా బాధ్యత తీసుకుంటున్నాను. సేల్స్ వాళ్లు సంతకాలు అయిపోయిన 34 పేజీల ఎస్‌ఓడబ్ల్యూ, అంటే క్లయింట్‌కి ఏ పని చేసివ్వాలో రాసుకున్న ఒప్పంద పత్రం, చేతిలో పెట్టారు. వచ్చే వారమే క్లయింట్‌తో కిక్‌ఆఫ్. అందులోంచి డెలివరబుల్స్, యాక్సెప్టెన్స్ క్రైటీరియా, అసంప్షన్స్ బయటికి తీసి చెక్‌లిస్ట్ చేయమన్నారు. డెలివరబుల్స్ టేబుల్ ఎలాగూ ఉంది కదా, దాన్ని కాపీ చేస్తే సరిపోతుందా? అసంప్షన్స్‌తో ఏం చేయాలో మాత్రం అసలు అర్థం కావడం లేదు. చాలా టెన్షన్‌గా ఉంది.

సమాధానం: టేబుల్ కాపీ చేస్తే సరిపోదు. నేను చేసిన ఒక ప్రాజెక్టునే ఉదాహరణగా తీసుకుని చెబుతాను. ఒక కంపెనీ గోడౌన్లలో స్టాక్ లెక్కలు చూసే పాత సాఫ్ట్‌వేర్ తీసేసి కొత్తది పెట్టే పని అది. గడువు 16 వారాలు. ఎస్‌ఓడబ్ల్యూలో డెలివరబుల్స్ టేబుల్‌లో ఐదు వరుసలు ఉన్నాయి: రిక్వైర్‌మెంట్స్ డాక్యుమెంట్, కొత్త సిస్టమ్, డేటా మైగ్రేషన్, ట్రైనింగ్, యూజర్ మాన్యువల్. మొత్తం చదివి లెక్క తేల్చేసరికి అవి తొమ్మిదయ్యాయి. మిగతా నాలుగూ ఎక్కడ దాక్కున్నాయో చెబుతాను, మీవి కూడా దాదాపు అలాంటి చోట్లే ఉంటాయి.

మొదలుపెట్టే ముందు, మీ చేతిలో ఉన్నది సంతకాలైన చివరి కాపీయేనా, అనెక్చర్లన్నీ దానితో ఉన్నాయా చూసుకోండి. సేల్స్ వాళ్ల మెయిల్‌లో తిరిగేది చాలాసార్లు సంతకానికి ముందు డ్రాఫ్ట్ అయి ఉంటుంది. ఈ ఎస్‌ఓడబ్ల్యూ ఏ మాస్టర్ అగ్రిమెంట్ కింద వచ్చిందో అదీ తెప్పించుకోండి. యాక్సెప్టెన్స్ గడువులు, మార్పులు ఎలా చేయాలన్న నియమం ఎస్‌ఓడబ్ల్యూలో లేకపోతే అందులో ఉంటాయి. రెండు పత్రాలూ ఒకదానికొకటి పొసగనప్పుడు ఏది చెల్లుతుందో చెప్పే క్లాజు కూడా సాధారణంగా అక్కడే దొరుకుతుంది. ఆ క్లాజు నంబర్ మీ షీట్‌లో పైన రాసి పెట్టుకోండి, తర్వాత అవసరం పడుతుంది.

ఇక చదవడం. ఎక్సెల్‌లో మూడు షీట్లు తెరవండి: డెలివరబుల్స్‌కి ఒకటి, యాక్సెప్టెన్స్‌కి ఒకటి, అసంప్షన్స్‌కి ఒకటి. మూడింట్లోనూ మొదట ఒక నంబర్, పక్కన క్లాజు నంబర్, ఆ పక్కన ఎస్‌ఓడబ్ల్యూలోని వాక్యం ఉన్నదున్నట్టు. మీకు అర్థమైనది దాని పక్కన వేరే కాలమ్‌లో రాయండి. ఈ రెండు కాలమ్‌లనూ కలపకండని గట్టిగా చెబుతున్నాను. ఎందుకంటే సొంత మాటల్లోకి మార్చేటప్పుడు మనకు తెలియకుండానే వాక్యం చక్కబడిపోతుంది. "అన్ని రికార్డులు" అన్నది "రికార్డులు" అవుతుంది. "క్లయింట్ ఇచ్చిన తర్వాత" అన్న షరతు జారిపోతుంది. మూడు నెలల తర్వాత వాదన వచ్చినప్పుడు అందరూ చూసేది మీ షీట్‌నే, మూల వాక్యం ఎవరికీ గుర్తుండదు.

ముందు సెర్చ్‌తో ఒక చుట్టు తిరగొచ్చు. ఎస్‌ఓడబ్ల్యూ ఇంగ్లీషులో ఉంటే, రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్‌తో వెతకగలిగే ఎడిటర్‌లో ఈ వరుస పెడితే బాధ్యత మోపే వాక్యాలు చాలావరకు బయటపడతాయి:

```
\b(shall|will|must|assum\w*|subject to|provided that)\b
```

అయితే దీని మీదే ఆధారపడకండి. స్కాన్ చేసి అతికించిన అనెక్చర్లు బొమ్మలుగా ఉంటాయి కాబట్టి సెర్చ్‌కి దొరకవు. పేమెంట్ టేబుల్‌లో పూర్తి వాక్యాలు ఉండవు కాబట్టి ఆ క్రియలూ ఉండవు. నా దగ్గర తప్పిపోయిన నాలుగింటిలో రెండు సరిగ్గా ఈ రెండు చోట్లా ఉన్నవే.

ఒకటి సెక్యూరిటీ అనెక్చర్‌లో ఉంది. ఎవరెవరు ఎప్పుడు సిస్టమ్‌లోకి వచ్చారో చూపే లాగ్ రిపోర్ట్ ఇవ్వాలని స్కాన్ పేజీలో ఒక్క లైను. ఇంకోటి పేమెంట్ టేబుల్‌లో. చివరి 10 శాతం ఎప్పుడు ఇస్తారంటే "గో-లైవ్ తర్వాత 30 రోజుల సపోర్ట్ పూర్తయ్యాక" అని రాసుంది. ఆ సపోర్ట్ గురించి డెలివరబుల్స్ టేబుల్‌లో ఒక్క ముక్క కూడా లేదు. అంటే మనుషుల్ని కేటాయించాల్సిన నెల రోజుల పని కేవలం డబ్బుల టేబుల్‌లో ఒక షరతుగా ఉంది. మూడోది స్కోప్ పేరాలో: మైగ్రేషన్ ముగిసేదాకా వారం వారం డేటా నాణ్యత మీద రిపోర్ట్. నాలుగోది గో-లైవ్ విధానం రాసిన చోట: ఏదైనా తేడా వస్తే పాత సిస్టమ్‌కి తిరిగి వెళ్లే ప్లాన్‌ను ముందే సమర్పించాలని.

అందుకే స్కోప్, పేమెంట్ టేబుల్, అనెక్చర్లు, గో-లైవ్, సపోర్ట్ అన్న భాగాలను మాత్రం సెర్చ్ లేకుండా పెన్ను పట్టుకుని చదవండి. ప్రతి వాక్యం దగ్గరా ఒకటే చూడండి: దీన్నిబట్టి ఎవరైనా ఎవరికైనా ఏదైనా అప్పగించాలా? రిపోర్టు, ప్లాను, ఫైలు, శిక్షణ, మనిషి సమయం, ఏదైనా సరే. అవునంటే అది డెలివరబుల్. టేబుల్‌లో ఉందా లేదా అన్నది తర్వాతి మాట.

ఇప్పుడు ఒక్క వాక్యాన్ని విడదీసి చూపిస్తాను, ఎందుకంటే పని మొత్తం అక్కడే ఉంది. మా ఎస్‌ఓడబ్ల్యూలో డేటా మైగ్రేషన్ గురించి ఉన్న వాక్యం తెలుగులో చెప్పాలంటే ఇలా ఉంటుంది: "పాత సిస్టమ్‌లోని స్టాక్ రికార్డులన్నింటినీ, క్లయింట్ శుభ్రం చేసి ఇచ్చిన తర్వాత, కొత్త సిస్టమ్‌లోకి ఖచ్చితంగా చేర్చి, క్లయింట్‌కు తృప్తి కలిగేలా అప్పగించాలి."

చదవడానికి ఒకే పని లాగా ఉంది. నా షీట్లలో ఇది మూడు చోట్లకు వెళ్లింది. కొత్త సిస్టమ్‌లో చేరిన స్టాక్ రికార్డులు అన్నది డెలివరబుల్. "ఖచ్చితంగా", "తృప్తి కలిగేలా" అన్నవి యాక్సెప్టెన్స్ క్రైటీరియా. "క్లయింట్ శుభ్రం చేసి ఇచ్చిన తర్వాత" అన్నది అసంప్షన్. ఇవి కాక "అన్నింటినీ" అన్న మాట ఒక స్కోప్ ప్రశ్న. పాత సిస్టమ్‌లో 48,200 ఐటమ్ రికార్డులున్నాయి. వాటిలో 6,900 మూడేళ్లుగా కదలికే లేనివి. 1,150 ఒకే వస్తువుకు రెండోసారి కోడ్ ఇచ్చినవి. "అన్నింటినీ" అంటే వీటిని కూడానా? ఎస్‌ఓడబ్ల్యూ చెప్పదు. చెప్పనిదాన్ని మనం ఊహించి నింపకూడదు, ప్రశ్నగా రాసి కిక్‌ఆఫ్‌కి తీసుకెళ్లాలి.

ఇక "ఖచ్చితంగా", "తృప్తి". ఇలాంటి మాటలు యాక్సెప్టెన్స్ షీట్‌లో కనిపిస్తే వాటిని ఎర్రగా చేయండి, ఎందుకంటే వీటిని కొలవలేం. కొలిచే పద్ధతిని క్లయింట్ తరఫు డేటా తెలిసిన మనిషితో కూర్చుని మొదటి రెండు వారాల్లోనే ఒప్పించుకోవాలి. మేము చివరికి మూడు పరీక్షలకు ఒప్పుకున్నాం. ఒకటి, చేర్చాల్సిన రికార్డుల జాబితా ముందే ఖరారు చేసి, ఆ సంఖ్య రెండు వైపులా సమానంగా ఉండాలి. రెండు, గోడౌన్ వారీగా స్టాక్ పరిమాణం మొత్తాలు సరిపోవాలి. మూడు, యాదృచ్ఛికంగా 300 రికార్డులు తీసి ప్రతి ఫీల్డూ పోల్చాలి. పరిమాణంలో, యూనిట్‌లో ఒక్క తేడా కూడా ఉండకూడదు. వివరణ ఫీల్డులో మూడు దాకా పర్వాలేదు.

మూడో పరీక్ష ఎందుకని క్లయింట్ వైపు వాళ్లు అడిగారు. మంచి ప్రశ్నే. మొదటి రెండూ పాసయినా డేటా తప్పుగా ఉండే వీలుంది. పాత సిస్టమ్‌లో 12 పెట్టెలు అని ఉన్నది కొత్తదాంట్లో 12 పీసులుగా చేరితే రికార్డుల సంఖ్య సరిపోతుంది, మొత్తం కూడా 12కి 12 సరిపోతుంది. గోడౌన్‌లో మాత్రం లెక్క తలకిందులవుతుంది. ఫీల్డు ఫీల్డు పోలిస్తేనే అది దొరుకుతుంది. క్రైటీరియా రాసేటప్పుడు "ఈ పరీక్ష పాసై కూడా పని చెడిపోయే మార్గం ఏమైనా ఉందా?" అని ఒక్కసారి ఆలోచించడం నాకు అప్పటినుంచే అలవాటైంది.

పరీక్ష ఏంటన్నది యాక్సెప్టెన్స్‌లో సగమే. మిగతా సగం ప్రక్రియ. ప్రతి డెలివరబుల్‌కీ ఆమోదించేది ఎవరు, ఎన్ని రోజుల్లో, ఏ రూపంలో, తిప్పి పంపితే ఎన్నిసార్లు, జవాబే రాకపోతే ఏమవుతుంది అన్నవి రాసుకోండి. "క్లయింట్" అని ఉంటే అది మనిషి పేరు కాదు. కిక్‌ఆఫ్ అయ్యేలోగా అక్కడ ఒక పేరు, ఆ మనిషి సెలవులో ఉంటే ఇంకో పేరు ఉండాలి.

రోజుల లెక్కను తేలిగ్గా తీసుకోకండి. మా దాంట్లో క్లయింట్‌కు ప్రతి డాక్యుమెంట్ పరిశీలనకూ 10 పనిదినాలు ఉన్నాయి, రెండు సార్లు పరిశీలించే హక్కు ఉంది. సేల్స్ టీమ్ ఇచ్చిన ప్లాన్‌లో మాత్రం రిక్వైర్‌మెంట్స్ డాక్యుమెంట్ 3వ వారం శుక్రవారం ఇస్తే, 4వ వారంలో ఆమోదం వచ్చేస్తుంది, 5వ వారం నుంచి డిజైన్. ఎస్‌ఓడబ్ల్యూ ప్రకారం లెక్కేస్తే మొదటి పరిశీలన 5వ వారం చివరికి ముగుస్తుంది. తిప్పి పంపితే సవరణకు ఒక వారం, అంటే 6వ వారం. రెండో పరిశీలనకు మళ్లీ 10 పనిదినాలు, అంటే 8వ వారం చివర. ఎవరూ ఏ తప్పూ చేయకుండా, ఎవరి హక్కు వాళ్లు వాడుకుంటేనే 16 వారాల్లో సగం ఒక్క డాక్యుమెంట్ ఆమోదానికే పోతుంది. ఈ ఒక్క లెక్కను కిక్‌ఆఫ్‌లో స్క్రీన్ మీద చూపించాం. క్లయింట్ మేనేజర్ తనంతట తనే ఆ డాక్యుమెంట్‌ను ముక్కలుగా ఇవ్వమని, ఒక్కో ముక్క మూడు పనిదినాల్లో చూస్తామని అన్నారు. ఆ మాటను తర్వాత రాతలో పెట్టించుకున్నాం.

గడువు తేదీని చేత్తో లెక్కపెట్టకండి. డెలివరీ తేదీ E2లో, సెలవుల జాబితా వేరే షీట్‌లో ఉంటే:

```
=WORKDAY(E2, 10, Holidays!A2:A40)
```

ఇది శని, ఆదివారాలనూ, మీరిచ్చిన సెలవులనూ వదిలేసి, ఇచ్చిన మర్నాటి నుంచి లెక్కపెడుతుంది. వారాంతం వేరే రోజుల్లో ఉండే క్లయింట్ అయితే `WORKDAY.INTL` వాడాలి. ఎవరి సెలవులు లెక్కలోకి వస్తాయన్నది కూడా ఎస్‌ఓడబ్ల్యూలో వెతకండి. లేకపోతే అదీ ఒక ప్రశ్నే. ఎస్‌ఓడబ్ల్యూలో "రోజులు" అని మాత్రమే ఉండి "పనిదినాలు" అని లేకపోతే దానికి నిర్వచనం మాస్టర్ అగ్రిమెంట్‌లో ఉందేమో చూడండి.

జవాబు రాకపోతే ఆమోదించినట్టే అన్న క్లాజు కొన్ని ఎస్‌ఓడబ్ల్యూల్లో ఉంటుంది. మీరు పని చేసి ఇచ్చే వైపు ఉంటే దాన్ని చూసి నిశ్చింతగా ఉండొద్దు. గడువు దాటిన మర్నాడు "మీరు ఒప్పుకున్నట్టే" అని మెయిల్ పెడితే మాట చెల్లవచ్చు గానీ, తర్వాతి డెలివరబుల్ దగ్గర ఆ మనిషి ప్రతి అక్షరం పట్టుకుంటాడు. నేను ఏడో పనిదినాన ఒక గుర్తుచేసే మెయిల్‌ను చెక్‌లిస్ట్‌లోనే ఒక వరుసగా పెడతాను. మీరు క్లయింట్ వైపు ఉంటే ఇదే క్లాజు మీకు ప్రమాదం, కాబట్టి ప్రతి గడువునూ పరిశీలించే వాళ్ల క్యాలెండర్‌లో ముందే పెట్టించండి.

ఇప్పుడు మీరు అర్థం కావడం లేదన్న అసంప్షన్స్ సంగతి. ఎస్‌ఓడబ్ల్యూలో అసంప్షన్ అంటే "ఇది నిజమైతేనే మేము చెప్పిన ధర, గడువు వర్తిస్తాయి" అని అర్థం. అది నిజం కాకపోతే మార్పు అడిగే హక్కు ఉంటుంది, కానీ ఆ హక్కు దానంతటదే అమలుకాదు. సాధారణంగా ఇన్ని రోజుల్లోగా రాతపూర్వకంగా తెలియజేయాలన్న షరతు ఉంటుంది. ఆ షరతు చేంజ్ కంట్రోల్ క్లాజులో ఉంటుంది, అసంప్షన్స్ జాబితాలో ఉండదు. అందుకే చాలామంది జాబితా చదివి ఊరుకుంటారు, గడువు దాటాక అడుగుతారు.

అసంప్షన్స్ ఉన్నదున్నట్టు కాపీ చేస్తే అది చదివి వదిలేసే జాబితాగానే మిగులుతుంది. ప్రతి అసంప్షన్‌నూ ఒక తనిఖీగా మార్చాలి. దానికి నాలుగు విషయాలు రాస్తాను: ఇది నిజమో కాదో తేల్చగలిగేది ఎవరు, ఏ తేదీకల్లా తేలాలి, తప్పని తేలితే ఏ డెలివరబుల్ దెబ్బతింటుంది, అప్పుడు ఎవరికి ఎన్ని రోజుల్లో రాయాలి. ఇందులో తేదీ దగ్గరే అందరూ పొరబడతారు. మా దాంట్లో క్లయింట్ శుభ్రం చేసిన డేటా 6వ వారానికి ఇవ్వాలి. 6వ వారం దాకా ఆగి చూస్తే, రాలేదని తెలిసేసరికి మైగ్రేషన్ మొదలవ్వాల్సిన రోజు వచ్చేస్తుంది. అందుకని తనిఖీ తేదీని ముందుకు జరిపాం. 2వ వారం చివరికల్లా ఒక గోడౌన్‌కి చెందిన 500 రికార్డులు శుభ్రం చేసి నమూనాగా ఇవ్వమని కిక్‌ఆఫ్‌లో అడిగాం.

ఆ నమూనా వచ్చాక అసలు విషయం బయటపడింది. క్లయింట్ వైపు "శుభ్రం చేయడం" అంటే ఖాళీ ఫీల్డులు నింపడం అనుకున్నారు. రెండుసార్లు కోడ్ ఇచ్చిన వస్తువులను ఒకటి చేయడం తమ పని అని వాళ్లకు తెలియదు. మా టీమ్‌కేమో అదే అసలు పని. 1,150 వస్తువుల్లో ఏ కోడ్ ఉంచాలో చెప్పగలిగింది గోడౌన్ మనుషులే, మేము కాదు. 2వ వారంలో తేలింది కాబట్టి వాళ్లు ఇద్దరిని ఆ పనికి కూర్చోబెట్టగలిగారు.

ప్రతి అసంప్షన్‌కీ ఇంత శ్రమ అవసరం లేదు. మా జాబితాలో 17 ఉంటే, అందులో ఆరు "మీటింగులు ఆన్‌లైన్‌లో జరుగుతాయి" లాంటివి. తప్పయినా పెద్దగా పోయేదేమీ లేదు. నాలుగు కిక్‌ఆఫ్‌కి ముందే ఒక ఫోన్ కాల్‌తో తేలిపోయాయి. ఉదాహరణకు టెస్ట్ సర్వర్ ఇప్పటికే ఉందా అన్నది. మిగిలిన ఏడింటికే పైన చెప్పిన నాలుగు విషయాలూ నింపాం.

అసంప్షన్స్ విషయంలో ఒక జాగ్రత్త చెప్పాలి. సేల్స్ వాళ్లతో మాట్లాడుతున్నప్పుడు ఎస్‌ఓడబ్ల్యూలో లేని అసంప్షన్స్ బయటికొస్తాయి. "ట్రైనింగ్ అంటే 20 మంది చొప్పున రెండు బ్యాచ్‌లే, అలా లెక్కేసే ధర ఇచ్చాం" అంటారు. ఎస్టిమేట్ షీట్‌లో అలాగే ఉంటుంది. ఎస్‌ఓడబ్ల్యూలో మాత్రం "యూజర్లకు శిక్షణ" అని మాత్రమే ఉంటుంది. దాన్ని ఎస్‌ఓడబ్ల్యూ అసంప్షన్స్‌తో కలిపి క్లయింట్‌కి చూపించకండి. ఒప్పుకోనిదాన్ని ఒప్పుకున్నట్టు చూపడం అవుతుంది, అది బయటపడిన రోజున మీ షీట్ మొత్తం మీదే నమ్మకం పోతుంది. వేరే రంగులో "ఎస్‌ఓడబ్ల్యూలో లేదు, ఒప్పించుకోవాలి" అని గుర్తు పెట్టి, కిక్‌ఆఫ్‌లో మామూలు ప్రశ్నగానే అడగండి: ఎంతమందికి, ఎన్ని విడతల్లో అనుకుంటున్నారు?

మూడు షీట్లూ నిండాక వాటిని ఒకదానికొకటి ముడివేయాలి. యాక్సెప్టెన్స్ షీట్‌లోనూ అసంప్షన్స్ షీట్‌లోనూ E కాలమ్‌లో సంబంధిత డెలివరబుల్ నంబర్ వేయండి. తర్వాత డెలివరబుల్స్ షీట్‌లో ప్రతి వరుస పక్కన ఇది పెట్టండి:

```
=COUNTIF(Acceptance!E:E, A2)
```

సున్నా వచ్చిన చోటల్లా, ఎప్పుడు పూర్తయినట్టో ఎవరికీ తెలియని డెలివరబుల్ ఉన్నట్టు. మా తొమ్మిదింటిలో నాలుగింటికి సున్నా వచ్చింది. అవి టేబుల్‌లో లేని ఆ నాలుగే కావడం యాదృచ్ఛికం కాదు. టేబుల్ రాసినవాళ్లు యాక్సెప్టెన్స్ కూడా ఆ టేబుల్ చూసే రాశారు. ఇదే పద్ధతిలో పేమెంట్ మైల్‌స్టోన్లను కూడా డెలివరబుల్ నంబర్లతో ముడివేసి చూడండి. ఏ డెలివరబుల్‌తోనూ ముడిపడని మైల్‌స్టోన్ ఉంటే ఆ డబ్బు ఎప్పుడు వస్తుందో చెప్పలేం.

ఇక్కడ నా అనుభవం ఒకటి చెబుతాను. ఇంతకుముందు ఇంకో ప్రాజెక్టులో "30 రోజుల సపోర్ట్" ఎప్పటినుంచి లెక్క అన్నది నేను అడగలేదు. మేము గో-లైవ్ రోజు నుంచి అనుకున్నాం. క్లయింట్ గో-లైవ్‌ను రాతపూర్వకంగా ఆమోదించిన రోజు నుంచి అనుకున్నారు. ఆ ఆమోదం ఐదు వారాలు ఆలస్యమైంది. ఇద్దరు డెవలపర్లు అదనంగా ఐదు వారాలు అక్కడే ఉండిపోయారు, చివరి వాయిదా అంతకాలం ఆగిపోయింది. ఎస్‌ఓడబ్ల్యూ మళ్లీ తీసి చూస్తే రెండు అర్థాలకూ వీలుంది. కిక్‌ఆఫ్‌లో రెండు నిమిషాల్లో తేలిపోయే ప్రశ్న అది. అప్పటినుంచి "ఇన్ని రోజులు" అని ఎక్కడ కనిపించినా పక్కన "ఎప్పటినుంచి?" అని రాసుకోకుండా ముందుకు వెళ్లను.

ఇప్పుడు అసలు చెక్‌లిస్ట్. ఈ మూడు షీట్లు మీ టీమ్ కోసం. వాటిని యథాతథంగా కిక్‌ఆఫ్‌లో తెరిస్తే పావుగంటలో అందరూ ఫోన్లు చూసుకుంటారు. క్లయింట్ ముందు పెట్టేది ఒక్క పేజీ దాటకూడదు. అందులో నాలుగు రకాల వరుసలు చాలు: ఆమోదించేవాళ్ల పేర్లు, తేల్చుకోవాల్సిన ప్రశ్నలు, మొదటి నాలుగు వారాల్లో క్లయింట్ ఇవ్వాల్సినవి, స్కోప్‌లో లేవని రాసినవి. చివరిదాన్ని గట్టిగా చదివి వినిపించండి. కిక్‌ఆఫ్‌కి వచ్చేవాళ్లలో ఎస్‌ఓడబ్ల్యూ చదవనివాళ్లు ఎక్కువమంది ఉంటారు, ఆ మాట వాళ్లు వినాల్సిన చోటు అదే.

ప్రతి వరుసా అయిందా లేదా అని ఒక్క మాటలో చెప్పగలిగేలా ఉండాలి. "డేటా నాణ్యత చూడాలి" అన్నది చెక్‌లిస్ట్ వరుస కాదు, ఎందుకంటే దానికి టిక్ పెట్టడం కుదరదు. మా పేజీలోంచి మూడు వరుసలు నమూనాగా:

- డేటా మైగ్రేషన్‌ను ఆమోదించే మనిషి, ఆయన లేనప్పుడు ఇంకొకరు: పేర్లు క్లయింట్ మేనేజర్ ఇవ్వాలి, 1వ వారం శుక్రవారంలోగా.
- మూడేళ్లుగా కదలని 6,900 రికార్డులు చేర్చాలా వద్దా: క్లయింట్ గోడౌన్ హెడ్ రాతపూర్వకంగా చెప్పాలి, 2వ వారం బుధవారంలోగా. ఆధారం: స్కోప్ క్లాజు, "అన్నింటినీ" అన్న మాట.
- 30 రోజుల సపోర్ట్ మొదలయ్యే రోజు: రెండు వైపులా ప్రాజెక్ట్ మేనేజర్లు కలిసి తేల్చాలి, కిక్‌ఆఫ్‌లోనే.

ఈ పేజీని కిక్‌ఆఫ్‌కి రెండు రోజుల ముందే క్లయింట్ మేనేజర్‌కి పంపండి. మీటింగ్‌లో అందరి ముందు హఠాత్తుగా అడిగితే ఆయన "చూసి చెబుతాం" అంటారు. ముందే చూస్తే సగం ప్రశ్నలకు జవాబులతో వస్తారు.

మీటింగ్‌లో ఒప్పుకున్నది మినిట్స్‌లో రాశాం కదా అని ఎస్‌ఓడబ్ల్యూ మారిపోయిందనుకోకండి. చాలా ఒప్పందాల్లో, రెండు వైపులా అధికారం ఉన్నవాళ్లు సంతకం చేసిన రాతపత్రం ఉంటేనే మార్పు చెల్లుతుందని ఉంటుంది. మీటింగ్‌కి వచ్చినవాళ్లకు ఆ అధికారం ఉండకపోవచ్చు. నేను జవాబులను రెండుగా విడదీస్తాను. ఉన్న మాటకు అర్థం చెప్పేవి, ఉదాహరణకు ఆ మూడు పరీక్షలు, ఒక వివరణ పత్రంగా రాసి రెండు వైపులా ఆమోదం తీసుకుంటాను. పని, ధర, గడువు ఏదైనా మారేవి చేంజ్ రిక్వెస్ట్‌గా వెళ్తాయి. ఏది ఏ కోవలోకి వస్తుందో సందేహం ఉంటే మీ కాంట్రాక్ట్స్ టీమ్‌ని అడగండి. క్లాజుకు చట్టపరమైన అర్థం తేల్చడం ప్రాజెక్ట్ మేనేజర్ పని కాదు, ఆ క్లాజు అక్కడుందని గమనించి వాళ్ల ముందు పెట్టడం మన పని.

ఒకవేళ మీది డెలివరబుల్స్‌కి కాకుండా మనుషుల గంటలకు డబ్బులిచ్చే ఎస్‌ఓడబ్ల్యూ అయితే మొదటి రెండు షీట్లు చిన్నవిగా ఉంటాయి. అక్కడ టైమ్‌షీట్‌ను ఎవరు, ఎన్ని రోజుల్లో ఆమోదిస్తారన్నదే ప్రధానమైన యాక్సెప్టెన్స్ ప్రశ్న. అసంప్షన్స్ పని మాత్రం ఏమీ తగ్గదు.

మీకు వారం ఉంది కాబట్టి ఇలా చేయండి. మొదటి రెండు రోజులూ చదివి షీట్లు నింపండి. మూడో రోజు సేల్స్‌లో ఈ ఒప్పందం కుదిర్చినవాళ్లతోనూ, ఎస్టిమేట్ వేసిన టెక్నికల్ లీడ్‌తోనూ ఒక గంట కూర్చోండి. ఎర్రగా చేసిన వరుసలు మాత్రమే వాళ్లకు చూపించి, "ఇది రాసేటప్పుడు మీ మనసులో ఏముంది?" అని అడగండి. నాలుగో రోజు ఒక్క పేజీ తయారుచేసి క్లయింట్ మేనేజర్‌కి పంపండి. షీట్లు నింపేటప్పుడు ఏదైనా వాక్యం దగ్గర ఆగిపోతే, కంపెనీ పేర్లు, అంకెలు తీసేసి ఆ వాక్యం ఒక్కటే ఇక్కడ పెట్టండి, విడదీసి చూద్దాం.